నైరుతి మూల గోడ

గౌస్ ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాడు. తెగిన పోగును ముడి కనిపించకుండా అతకడం తండ్రి నేర్పాడు. మగ్గం మూలపడ్డాక, పదిహేడేళ్ళ వయసులో, హైదరాబాదు పోయి కంబి, అంటే కాంక్రీటు లోపల ఉండే ఇనుప కడ్డీలు, కట్టే పనిలో చేరాడు. ఇరవై రెండేళ్ళు అదే పని. నూలు పోయి ఇనుప తీగ వచ్చింది. ముడి వేసే చేతులు అవే.

ఆ ఇరవై రెండేళ్ళలో ఎక్కువ భాగం లిఫ్టు బావుల్లో గడిచింది. ఎత్తయిన మేడ కట్టేటప్పుడు లిఫ్టు తిరిగే బావి చుట్టూ కాంక్రీటు గోడలు లేపుతారు. అవి లిఫ్టు కోసమే అని గౌస్ మొదట్లో అనుకున్నాడు. ఒక మధ్యాహ్నం అన్నాల వేళ ఒక ముసలి ఇంజినీరు అతన్ని అడిగాడు.

"లిఫ్టు తాళ్ళకు వేలాడుతుంది కదయ్యా. దానికి అడుగు మందం గోడెందుకు?"

ఆయనే చెప్పాడు. బరువు మోయడానికి పిల్లర్లు ఉన్నాయి. ఈ గోడలు ముఖ్యంగా పక్క నుంచి వచ్చే తోపుడుకు. గాలి పక్క నుంచి తోస్తుంది. భూమి అదిరినప్పుడు అడుగు జరుగుతుంది, పైన ఉన్న బరువు ఉన్నచోటే ఉంటానంటుంది. అదీ పక్క నుంచి తోసినట్టే. అప్పుడు ఈ గోడ నేలలో పాతిన గుంజలాగా నిలబడాలి. తోసిన వైపు అంచు సాగుతుంది. అవతలి అంచు నలుగుతుంది. నేల దగ్గర, గోడ మొదలులో, ఈ రెండూ అన్నిటికన్నా ఎక్కువ. కాంక్రీటు నలుగుడును ఓర్చుకుంటుంది కానీ సాగుడును ఓర్చుకోలేదు. సాగేచోట నిలువు కంబి పట్టుకోవాలి. నలిగేచోట కాంక్రీటు పక్కలకు పగలకుండా రింగులు బిగించి పట్టుకోవాలి. తోపుడు ఈ రోజు ఇటు నుంచి, రేపు అటు నుంచి. అందుకే రెండు అంచులకూ రెండూ కావాలి.

ఆ మధ్యాహ్నం తర్వాత గౌస్ రింగు కొసను ఎప్పుడూ లోపలికి మళ్ళించే వంచాడు. బయటే మడిచి వదిలేస్తే పని తొందరగా అవుతుంది. కానీ కాంక్రీటు పైపొర రాలిన రోజు ఆ కొస విచ్చుకుంటుంది. తోటివాళ్ళు అతనికి 'నిదానం సాయిబు' అని పేరు పెట్టారు. అతను పట్టించుకోలేదు.

నలభై దగ్గర పడ్డాక కుడి భుజం పట్టేసింది. కూతురు తబస్సుమ్‌ను ఆదోనిలో ఇచ్చి ఉన్నాడు. ఎమ్మిగనూరుకు తిరిగి వచ్చి, చిన్నచిన్న ఇళ్ళకు కంబి కట్టుకుంటూ ఉండిపోయాడు.

కొన్నేళ్ళకు ఆదోనిలో ఒక మేడ పని మొదలైంది.

స్థలం తబస్సుమ్ మామ ఖాజామియాది. రెండు రోడ్లు కలిసేచోట పాత పత్తి గోదాము ఉండేది. దాన్ని పడగొట్టి పన్నెండంతస్తులు లేపడానికి జయరాం అనే బిల్డరు ముందుకొచ్చాడు. ఖాజామియా వాటాకు వచ్చే ఇళ్ళలో ఒకటి కొడుకు సాజిద్‌కు, కోడలు తబస్సుమ్‌కు అనుకున్నారు. తొమ్మిదో అంతస్తు, నైరుతి మూల. ఖాజామియానే గౌస్‌కు కబురు పంపాడు.

"మన ఇల్లు, మన మేస్త్రీ. బయటోడెందుకు?"

గౌస్ రోజూ పొద్దున ఎమ్మిగనూరు బస్సెక్కి ఆదోనిలో దిగేవాడు. తన కింద ఎనిమిది మందిని పెట్టుకున్నాడు. అందరికన్నా పాతవాడు దేవనకొండ మారుతి. చేయి కదిలినంత సేపూ నోరు కదిలే మనిషి.

మొదటి నక్షాలో లిఫ్టు మేడ నడుమ ఉంది. వాస్తు చూసే దుర్గప్ప వచ్చి చెప్పులు విడిచి స్థలమంతా తిరిగి, నడిమధ్య ఆగాడు.

"ఈడ గుంత తవ్వితే ఎట్లప్పా? ఇది బ్రహ్మస్థానం. గుంత ఉండేది ఈశాన్యంలో."

ఖాజామియా గడ్డం నిమురుకున్నాడు. "మాకు ఈ పట్టింపులు లేవు జయరామన్నా. కొనేటోళ్ళకు ఉంటాయి కదా."

"ఉంటాయి భాయ్. మొదట అడిగేదే అది," అన్నాడు జయరాం.

లిఫ్టు ఈశాన్యానికి పోయింది. నక్షా హైదరాబాదులో లెక్కలు వేసే ఇంజినీరు దగ్గరికి పోయింది. తిరిగి వచ్చినప్పుడు అందులో కొత్తగా ఒక గోడ ఉంది. నైరుతి మూలలో, రెండు రోడ్ల వైపూ మళ్ళిన గోడ. పునాది నుంచి పన్నెండో అంతస్తు దాకా.

సైటు చూసుకునే ఇంజినీరు సామ్సన్ కర్నూలు అబ్బాయి. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఆ గోడ ఎందుకో గౌస్‌కు చెప్పబోయాడు. గౌస్ నక్షా చూసి తల ఊపాడు. మారుతికి అర్థం కాలేదు.

"ఆ మూల లిఫ్టు లేదు, మెట్లు లేవు. ఉత్త గోడకు ఇంత కంబి ఏంది గౌసన్నా? కొండారెడ్డి బురుజా?"

గౌస్ అతన్ని సామాన్ల షెడ్డు రేకు తలుపు దగ్గరికి తీసుకుపోయాడు.

"బందుల కాడ తొయ్యి."

మారుతి తలుపు తిరిగే బందుల పక్కన తోశాడు. తలుపు పెద్దగా కదల్లేదు.

"ఇప్పుడు కొస కాడ తొయ్యి."

తలుపు గిర్రున తిరిగి రేకు గోడకు కొట్టుకుంది.

"లిఫ్టు గోడలు ఈశాన్యంలో ఉండాయి. అవి బందు మాదిరి. గాలి తోసినా, భూమి అదిరినా మేడ ఊరికే పక్కకు వంగదు. ఆ మూలను పట్టుకొని తిరగాలని సూస్తుంది. ఎక్కువ తిరిగేది ఎదురుమూల. ఆడ ఉండే పిల్లర్లు ఆ తిప్పుడంతా పడాల. అందుకే ఎదురుమూలలో గూడా ఇంకో గట్టి గోడ పెట్టినారు. రెండు కొసలా పట్టుకుంటే తిరగదు."

"మరి అది రెండు వైపులకు ఎందుకు మళ్ళింది?"

"అట్టముక్క పట్టుకో. వెడల్పు మీద వంచితే వంగుతుంది. అంచు మీద నిలబెట్టి వంచు, వంగదు. గోడ గూడా అంతే, పొడుగు వైపే బలం. తోపుడు రెండు వైపుల నుంచీ వస్తుంది, గోడ రెండు వైపులకూ ఉండాల."

"అబ్బో! లిఫ్టును నడుమనే పెట్టింటే ఈ తిప్పలు ఉండేవి కావు కదా," అన్నాడు మారుతి. "దుర్గప్ప చెప్పులిడిచి తిరిగినందుకు మనం కంబి మోయాల."

పునాదిలో మందమైన కాంక్రీటు పలక పోశారు. అందులోంచి నైరుతి మూలలో కంబీలు రొమ్ము ఎత్తు దాకా లేచి నిలబడ్డాయి. గోడ అక్కడ నుంచి మొదలు కావాలి. అంచుల్లో గౌస్ తానే కూర్చుని రింగులు కట్టాడు, ఒకదానికొకటి బెత్తెడు దూరంలో. ఆ పనికి మారుతిని కూడా రానివ్వలేదు. తబస్సుమ్ ఉండబోయే ఇల్లు ఆ గోడ మీదే.

తర్వాతి వారం జయరాం ఒక బట్టల దుకాణం వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. కింది అంతస్తు మొత్తం వాళ్ళు తీసుకుంటారు. వాళ్ళు నైరుతి మూలలో నిలబడి రెండు రోడ్లనూ చూశారు. కంబీలను చూశారు. రెండు వైపులా టేపు పట్టి కొలుచుకుని పోయారు.

సాయంత్రం జయరాం సామ్సన్‌నూ గౌస్‌నూ పిలిచాడు.

"ఈ మూలకు గోడ వద్దు. వాకిలి ఈడే రావాల. రెండు రోడ్ల నుంచి అద్దాలు కనపడాల."

సామ్సన్ అన్నాడు, "సార్, అది షియర్ వాల్, పక్క తోపుడును ఆపే గోడ. తీసేదానికి లేదు."

"మొత్తం తీయమన్నానా? పైన పన్నెండు అంతస్తుల్లో నీ గోడ నువ్వు పెట్టుకో. కింద ఒక్క అంతస్తులో రెండు పిల్లర్లు పెట్టు. లావుగా పెట్టు. నేను వద్దన్నానా?"

గౌస్‌కు మాట ఆగలేదు.

"అన్నా, దానికి బలం కావాల్సిందే కింద. పైన గోడ పెట్టి కింద తీస్తే, పైదంతా ఒక పెట్టె మాదిరి గట్టిగా ఉంటాది. ఊగుడంతా ఈ ఒక్క అంతస్తులో పడతాది. పిల్లరు ఎంత లావైనా గోడ కాదన్నా."

జయరాం నవ్వాడు. కోపగించుకోలేదు. అతనికి గౌస్ పని మీద గౌరవం ఉంది.

"గౌసూ, మనది భూకంపాల జాగానా? నువ్వు పుట్టినాక ఎప్పుడన్నా అదిరిందా?"

"తక్కువన్నారు గానీ లేదనలేదు కదన్నా."

"ఇంక గాలి. ఆదోనిలో గాలి యాడిది? ఎండ తప్ప."

"గాలి లేనిది తుగ్గలి కాడ ఆ గాలిమరలు ఎందుకు పెట్టినారన్నా? సోకు కోసమా?"

పక్కనున్న కూలీలు నవ్వారు. జయరాం కూడా నవ్వాడు. నవ్వి, "అద్దాల కొలతలు వాళ్ళు తీసుకునేసినారు," అని కారెక్కాడు.

సామ్సన్ ఆ రోజే హైదరాబాదుకు రాశాడు. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. గోడను పునాది నుంచి ఆపకుండా పైదాకా తేవాలి, కింది అంతస్తులో తెంచడానికి ఒప్పుకోము, తెంచితే ఈ నక్షాకు మా బాధ్యత లేదు. మూడు వాక్యాలు. సామ్సన్ దాన్ని కాగితం మీద తీయించి జయరాం చేతికి ఇచ్చాడు. జయరాం చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

పది రోజులకు వేరే ఇంజినీరు ముద్ర వేసిన కాగితం వచ్చింది. నైరుతి మూలలో గోడకు బదులు రెండు పిల్లర్లు. లావైనవే. లెక్కలు చూపించమని సామ్సన్ అడిగాడు. ముద్ర ఉంది కదా అన్నారు.

గౌస్‌కు ఇక మిగిలింది వియ్యంకుడు. స్థలం ఆయనది. ఆయన వద్దంటే జయరాం ఆగాలి.

ఒక శుక్రవారం నమాజు తర్వాత గౌస్ ఖాజామియా ఇంటికి పోయాడు. ఆ ఇంటికి అతను పిలవకుండా ఎప్పుడూ పోలేదు. ఖాజామియా ఎదురొచ్చి లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. తబస్సుమ్ తండ్రికి టీ తెచ్చి, తలుపు పక్కన నిలబడింది. సాజిద్ ఫోనులో ఉన్నాడు.

గౌస్ నిదానంగా చెప్పాడు. పెట్టె కథ చెప్పాడు. తిప్పుడు చెప్పాడు. హైదరాబాదు జవాబు చెప్పాడు. ఖాజామియా చివరిదాకా విన్నాడు.

"భాయ్, నువ్వు చెప్పేది కంబి కట్టేటోని భయం. తప్పు లేదు. కానీ ఇంజినీరు ముద్ర వేసినాడు. నువ్వు ఇంజినీరువా?"

"కాదు."

"దుకాణం పోతే జయరాం పని ఆపేస్తాడు. గోదాము పాయె, మేడ రాదు. ఇందులో ఇండ్లు ఇస్తానన్న నా ఇద్దరు తమ్ముళ్ళకు నేనేం చెప్పాల?"

గౌస్ టీ కప్పును తాగకుండానే పక్కకు జరిపాడు.

"ఇంకో మాట," అన్నాడు ఖాజామియా. గొంతు తగ్గించాడు. "కోడలి నాయన మేడ పడిపోతాదంటున్నాడంట అని ఊళ్ళో పాకితే, నా ఇండ్లు ఎవరు కొంటారు? ఆ మాట ఎవరి మీదికి వస్తాది? నీ బిడ్డ మీదికే కదా."

బెదిరించినట్టు అనలేదు. బాధపడినట్టే అన్నాడు. తబస్సుమ్ తలుపు దగ్గర నుంచి ఖాళీ కప్పు కోసం వచ్చింది. కప్పు ఇంకా నిండుగా ఉంది. అలాగే తీసుకుపోయింది.

బయటికి వచ్చేటప్పుడు సాజిద్ చెప్పుల దగ్గర దాకా వచ్చాడు.

"మామూ, అంత భయమైతే మనం ఈశాన్యం మూల ఇల్లు అడుగుదాం. లిఫ్టు పక్కది. ఆ మూల తిరగదన్నావు కదా?"

గౌస్ ఆ సంగతి ముందే ఆలోచించాడు. ఈ మూలకు ఇంకెవరో వస్తారు. వాళ్ళకూ పిల్లలుంటారు. అదీ కాక, కింది అంతస్తు కూలితే ఏ మూలా మిగలదు.

"మేడ ఒకటే నాయనా," అన్నాడు. "మూలలు మనం పెట్టుకున్న పేర్లు."

సోమవారం జయరాం గ్యాస్ కట్టరు పంపాడు. రొమ్ము ఎత్తు కంబీలను పలక మట్టానికి కోసేయాలి, రెండు పిల్లర్లకు కావాల్సినవి తప్ప. కోసే మనిషి గౌస్‌ను అడిగాడు, ఏవి ఉంచాలని. గౌస్ సున్నపు ముక్కతో గుర్తులు పెట్టాడు. మంట తగిలినచోట కంబి ఎర్రబడి, వంగి, పడింది. ఒక్కొక్కటిగా నలభై రెండు పడ్డాయి. వాటికి అతను కట్టిన రింగులు కూడా వాటితోనే పడ్డాయి.

సామ్సన్ ఆ రోజు సైటుకు రాలేదు. రాజీనామా పంపాడని మారుతి చెప్పాడు.

"సదువుకున్నోడు. కాగితం రాసి పాయె. మనం ఏం రాయాల అన్నా?"

గౌస్ పలక మీద కూర్చుని ఉన్నాడు.

"మనమూ పోదామా?" అన్నాడు మారుతి. "పత్తికొండలో టమాటా మండీ కాడ షెడ్డు కడతాండారు. నా బామ్మర్ది పిలుస్తాండాడు."

"మనం పోతే ఎవరొస్తారు?"

"ఎవరో ఒకరొస్తారు. జయరాముకు మనుషుల కరువా?"

"వాళ్ళు రింగు కొస లోపలికి వంచుతారా?"

మారుతి తల గీరుకున్నాడు. "నేను గూడా నువ్వు సూస్తాంటేనే కదన్నా వంచేది."

గౌస్ లేచాడు.

ఆ రెండు పిల్లర్లకు అతను పదకొండు రోజులు తీసుకున్నాడు. కాగితంలో రింగులు జానెడు దూరంలో ఉన్నాయి. అతను కింద పైన బెత్తెడు దూరంలో కట్టాడు. ప్రతి కొసా లోపలికే. ప్రతి నిలువు కంబినీ అడ్డు కొక్కేలతో పట్టాడు. జయరాం మనిషి వచ్చి కంబి ఎక్కువ పోతోందన్నాడు. నా కూలిలో పట్టుకో అన్నాడు గౌస్. కాంక్రీటు పోసేటప్పుడు పక్కనే నిలబడి, కంబీల సందుల్లోకి దిగేదాకా దాన్ని అదిరించే వైబ్రేటరును తీయనివ్వలేదు.

ఇదంతా చేసినా అవి రెండు పిల్లర్లే. రెండు అడుగుల వెడల్పు, ఎంత బిగించినా. గోడ పన్నెండు అడుగులుండేది. బిగింపు వల్ల పగిలేది ఆలస్యమవుతుంది. ఊగేది ఆగదు. పని చేస్తున్నంత సేపూ ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ కట్టాడు. చేతులకు ఇంకేమీ దొరకలేదు.

పైన మొదటి అంతస్తు నుంచి గోడ మళ్ళీ మొదలైంది. అది కూడా అతనే కట్టాడు. కింద ఆసరా లేని గోడకు పన్నెండో అంతస్తు దాకా, ఒక్క రింగు తప్పకుండా.

రెండేళ్ళకు మేడ పూర్తయింది. పిల్లర్లకు రాతి పలకలు అతికించారు. మధ్యలో అద్దాలు, అద్దాల వెనక బొమ్మలకు చీరలు. ఊరంతా వచ్చి చూసింది. ఇంతవరకూ ఏమీ కాలేదు. ఆషాఢంలో గాలులు వచ్చాయి, పోయాయి. ఏమీ కాకపోవచ్చు కూడా. గౌస్ రోజూ అదే కోరుకుంటాడు. కోరిక తప్ప అతని దగ్గర కొలత లేదు.

తబస్సుమ్ ఇల్లు చేరిన రోజు దువా అయ్యాక, భోజనాలయ్యాక, తండ్రిని వంటింటి కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. అక్కడి నుంచి ఆదోని కొండ, పత్తి మార్కెట్టు, రైలు పట్టాలు కనిపిస్తున్నాయి. పిల్లలు ఒక గది నుంచి ఇంకో గదికి పరిగెత్తుతున్నారు.

"అబ్బా," అని పిలిచింది తండ్రిని.

"ఏం బేటీ?"

"ఆ దినం నువ్వు మా మామతో సెప్పిందంతా నేను విన్నాను."

గౌస్ బయటికి చూస్తూ ఉన్నాడు.

"నేను గూడా ఈయన్ను ఆ గోడ సంగతి అడిగినాను. రెండుసార్లు. మూడోసారి అడగలేకపోయినాను." కిటికీ చువ్వ పట్టుకుంది. "గట్టిగా కట్టినావా అబ్బా?"

అబద్ధం చెప్పవచ్చు. చెబితే ఆమె ఈ రాత్రి నిద్రపోతుంది. నిజం చెబితే పోవడానికి ఆమెకు వేరే ఇల్లు లేదు.

"నా చేతిలో పెట్టినంత వరకు గట్టిగానే కట్టినాను," అన్నాడు.

తబస్సుమ్ కిటికీ చువ్వ వదిలింది. ఆ మాటలో ఎంత ఉందో, ఎంత లేదో ఆమెకు అర్థమైంది. లోపల పిల్లలు గోడకు బంతి కొట్టి ఆడుతున్నారు. అది తొమ్మిదో అంతస్తులో అతను కట్టిన గోడే. బంతి తగిలి తిరిగి వస్తోంది.

"అమ్మీ, ఈ గోడకు మేకు దిగుతాదా?" అని పెద్ద పిల్ల అరిచింది.

"దిగదు," అంది తబస్సుమ్. "కాంక్రీటు అది."

గౌస్ చెప్పులు వేసుకున్నాడు. ఎమ్మిగనూరు బస్సుకు టైమైంది. లిఫ్టు వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. సాజిద్ రమ్మన్నాడు. గౌస్ తల అడ్డంగా ఊపి, మెట్ల మీదుగా దిగాడు. అంతస్తు అంతస్తుకూ ఆగి, ఇంకా ఎవరూ చేరక తెరిచి ఉన్న నైరుతి ఇంట్లోకి పోయి, ఆ మూల గోడ మీద చేయి పెట్టి, మళ్ళీ దిగాడు. మొదటి అంతస్తులో చేయి పెట్టాడు. దాని కింద పెట్టడానికి గోడ లేదు.